కొనేవాడూ వాడే

శనివారం పొద్దున తాండూరు నుంచి వికారాబాద్ వచ్చే బండిలో రెబెక్క టిఫిన్ సంచిని ఒళ్లోంచి దించలేదు. సంచి అడుగున రెండు కాగితాలున్నాయి. వాటి మీద నలభై ఒక్క మంది పేర్లు, హాజరు నంబర్లు, సంతకాలు, సంతకం రాని వాళ్ల వేలిముద్రలు. తాండూరులో మేరుశిల స్టోన్స్ లిమిటెడ్ అనే కంపెనీ షెడ్లలో బండలు కోసి, నునుపు చేసి, పెట్టెల్లో పేర్చే మనుషుల పేర్లవి. రెండో కాగితంలో ఏడో పేరు ఆమె భర్త బాల్‌రాజ్‌ది.

గొడవ కొత్త షెడ్డు దగ్గర మొదలైంది. ఎగుమతి కోసం బయటి నుంచి ఇసుకరాయి తెప్పించి, నీళ్లు పెట్టకుండా పొడి మీదనే కోయిస్తున్నారు. నీళ్లు పెడితే రాయి మీద మచ్చ పడుతుందట. రాయి మీద మచ్చ పడకూడదు, మనిషి ఊపిరితిత్తుల మీద పడితే పర్వాలేదు. రెండేళ్లలో ఆరుగురు మెట్లెక్కలేని స్థితికి వచ్చారు. కంపెనీ పంపిన డాక్టరు రాతి దుమ్ము మాట ఎత్తకుండా అందరికీ టీబీ మందులే రాశాడు. మొఖానికి కట్టుకునే మాస్కులు అడిగిన ఒకతను మర్నాటి నుంచి గేటు లోపలికి రాలేదు.

మరి ఎవరికి చెప్పుకోవాలి? దారి అఫ్సర్ కనిపెట్టాడు. అతను పెట్టెలను క్రేన్‌తో లారీకెక్కించే మనిషి. పోయే పెట్టెల్లో సగం వాటి మీద ఒక కాగితం అతికిస్తారు. నెదర్లాండ్స్ దేశంలో సరుకు కొనే వెస్టర్‌లాన్ అనే కంపెనీ కాగితం అది. దాని అడుగున చిన్న అక్షరాల్లో, ఈ రాయిని తయారు చేసేవారికి అన్యాయం జరిగితే మాకు చెప్పండి, పేర్లు రహస్యంగా ఉంచుతాం అని ఉంటుంది. ఏళ్ల తరబడి తమ చేతులతో జిగురు పూసి అతికిస్తున్న కాగితాన్ని ఒకరోజు చదివారు. యజమానిని భయపెట్టగలిగేది సరుకు కొనేవాడొక్కడే అనుకున్నారు. అనుకోవడంలో తప్పేముంది? అందరూ అట్లాగే అనుకుంటారు.

వాళ్లలో ఇంగ్లీషులో ఉత్తరం రాయగలిగింది రెబెక్క ఒక్కతే. వికారాబాద్‌లో ప్రేమ్‌సాగర్ అనే ఆడిటర్ దగ్గర పనిచేస్తుంది. రోజూ బండిలో వచ్చిపోతుంది. నలభై ఒక్క మందిమని చెప్పి, పేర్లేమీ రాయకుండా, కింద తన ఫోను నంబరు మాత్రం వేసి, అఫ్సర్ ఫోనులోంచి మెయిలు పంపింది. పది రోజులకు జవాబొచ్చింది. ఎంత మర్యాద! మీ ఆవేదన మమ్మల్ని కలచివేసింది, దయచేసి ఫిర్యాదు చేసినవారి పేర్లు, హాజరు నంబర్లు, ఎక్స్‌రేలు ఉంటే అవి కూడా సోమవారంలోగా పంపండి, అంతా గోప్యం.

అందుకే ఈ రెండు కాగితాలు.

ఆఫీసులో అప్పటికి ఎవరూ రాలేదు. రెబెక్క కంప్యూటర్ తెరిచింది. పేర్లు పంపేముందు ఉత్తరంలో ఒక గట్టి మాట పెట్టాలనుకుంది. మా కంపెనీ సరుకులో ఇంత భాగం మీరే కొంటున్నారు, మీరు నోరు తెరిస్తే వాళ్లు వినక తప్పదు అని. ఎంత భాగమో తెలియాలంటే లెక్క కావాలి. మేరుశిల షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ కాబట్టి వార్షిక నివేదిక వెబ్‌సైట్లో ఉంటుంది. దింపుకుంది. మూడు వందల పన్నెండు పేజీలు. మొదటి అరవై పేజీల నిండా చెట్లు, నవ్వుతున్న పిల్లలు, చైర్మన్ సందేశం. ఆమె చేతిలో రోజూ నలిగేవి చిన్న పాలిషింగ్ యూనిట్ల లెక్కలు, కందిపప్పు మిల్లుల లెక్కలు. ఇంత లావు పుస్తకం ఎన్నడూ చదవలేదు. కానీ ఎక్కడ వెతకాలో తెలుసు. అసలు సంగతి వెనక నోట్స్‌లో, అంటే లెక్కలకిచ్చే వివరణల్లో ఉంటుంది.

ముందు కన్సాలిడేటెడ్ లెక్కల్లో, అంటే కంపెనీల గుంపు మొత్తాన్నీ కలిపి రాసిన లెక్కల్లో, పెద్ద కొనుగోలుదారుల నోటు చూసింది. ఆదాయంలో పది శాతం మించి ఇచ్చే కస్టమర్ ఉంటే అక్కడ చెప్పాలి. పేరు చెప్పకపోయినా సరే, ఉన్నాడనైనా చెప్పాలి. అక్కడ ఒకే ఒక వాక్యం ఉంది. పది శాతం మించిన బయటి కస్టమర్ ఎవరూ లేరు.

రెబెక్క ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. ఎవరూ లేరా? తాండూరులో గేటు దాటే రెండు పెట్టెల్లో ఒక పెట్టె వెస్టర్‌లాన్‌దే. బాల్‌రాజ్ చెప్తాడు, అఫ్సర్ చెప్తాడు, లారీ డ్రైవర్లు చెప్తారు. మరి పది శాతం కూడా లేకపోవడమేమిటి?

వెతుకు పెట్టెలో వెస్టర్‌లాన్ అని కొట్టింది.

పదకొండు చోట్ల దొరికింది. మొదటిది కన్సాలిడేటెడ్ నోట్స్‌లోనే, నలభై ఏడో నోటు. పైన శీర్షిక: గ్రూపులోని అనుబంధ కంపెనీలు. నాలుగు వరుసల పట్టిక. కంపెనీ పేరు, ఏ దేశంలో పుట్టింది, ఏం పని చేస్తుంది, మన వాటా ఎంత. మొదటి వరుస మారిషస్‌లో ఒక కంపెనీ, పని పెట్టుబడులు పెట్టుకోవడం, వాటా వంద శాతం. రెండో వరుస నెదర్లాండ్స్, వెస్టర్‌లాన్ నాచురల్ స్టోన్, పని సహజ రాయి దిగుమతి, గోదాములు, అమ్మకం. వాటా వంద శాతం, మారిషస్ కంపెనీ ద్వారా. మూడోది దుబాయ్, క్లియర్‌మార్క్ అనే పేరు. పని సరుకు సేకరణ సలహాలు, కార్మిక ప్రమాణాల తనిఖీ. వంద శాతం. నాలుగోది సింగపూర్, ఇంకా వ్యాపారం మొదలుపెట్టలేదు.

క్లియర్‌మార్క్ అన్న పేరు మీద ఆమె వేలు ఆగింది.

పోయిన డిసెంబరులో క్లియర్‌మార్క్ వాళ్లు షెడ్డుకు వచ్చారు. తెల్ల హెల్మెట్లు, దుమ్ము కొలిచే డబ్బా. ముందురోజు షెడ్డంతా పైపులతో కడిగించారు. ఆ పూట అందరికీ మాస్కులిచ్చి, వాళ్లు పోగానే లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నారు. అదే షెడ్డులో చీపురు పట్టే లాల్‌బీ, తుడుచుకుని ఇస్త ఆగు నాయనా, ముక్కు చీదిన, అన్నదని బాల్‌రాజ్ చెప్తే ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. తనిఖీ చేసింది వాళ్లే. కొనేది వాళ్లే. ఫిర్యాదు వినేదీ వాళ్లే.

"రెబెక్కా, గంత గుచ్చి చూస్తున్నవేంది? ఏ ఫైలది?"

ప్రేమ్‌సాగర్ ఎప్పుడొచ్చాడో తెలియదు. యాభై దాటిన మనిషి, చేతిలో స్కూటర్ తాళాలు తిప్పుతూ వెనక నిలబడ్డాడు.

"సార్, ఒక్కటడుగుత. సగం సరుకు కొనేటోడిని కస్టమర్ కాదని ఎట్ల రాస్తరు?"

ఆయన కళ్లద్దాలు సర్దుకుని తెర చూశాడు. "ఎందుకు రాయరు? గది కన్సాలిడేటెడ్ అమ్మా. తల్లి కంపెనీ, పిల్ల కంపెనీలు అన్నిటినీ ఒక్క ఇల్లనుకొని రాసే లెక్క. నీ వంటింట్లకెంచి ముందరర్రలకు బియ్యం తెస్తే అమ్మిన అంటవా? అనవు. గట్లనే వాళ్లల్ల వాళ్లు అమ్ముకున్నది కొట్టేస్తరు. బయటోడు కొన్నదే లెక్కకొస్తది."

"మరి ఆ అమ్మకం ఏడ కనవడ్తది?"

"కంపెనీ ఒక్కదాని లెక్కలు వేరే ఉంటయి గద, స్టాండలోన్. అండ్ల సంబంధిత పార్టీల నోటు తియ్యి, సొంతోళ్లతోని చేసిన బేరాలు ఆడ రాస్తరు."

తీసింది. అక్కడ పేరుతో సహా ఉంది. వెస్టర్‌లాన్‌కు సరుకు అమ్మకం. కంపెనీ మొత్తం అమ్మకంలో సగం కంటే కొంచెం ఎక్కువే. కింద వరుసలో క్లియర్‌మార్క్‌కు తనిఖీ రుసుము. రాయి కోసిన కంపెనీ తన జేబులోంచి తన పిల్ల కంపెనీకిచ్చి, తన షెడ్డుకు తనే మంచి సర్టిఫికెట్ రాయించుకుంది.

"ఇది నేరం గాదా సార్?"

"నేరమేంది? దర్జాగ అచ్చేసిండ్రు. వెనక ఏఓసీ-1 అని ఒక ఫారం ఉంటది చూడు, ఒక్కొక్క పిల్ల కంపెనీకి ఆస్తులెంత, టర్నోవరెంత, లాభమెంత, అన్నీ ఉంటయి. ఇంకా గావాల్నంటే ఆ కంపెనీల పూర్తి లెక్కలు గూడ వెబ్‌సైట్ల పెట్టాలె. చట్టం చెప్పుమన్నదంతా చెప్పిండ్రు. చదివేటోడు లేకపోతే వాళ్లేం జేస్తరు?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "ఎందుకడుగుతున్నవు? బాల్‌రాజ్ ఆడనే గద పనిచేసేది?"

రెబెక్క చెప్పింది. ఉత్తరం, జవాబు, రెండు కాగితాలు. వింటున్నంతసేపూ ప్రేమ్‌సాగర్ తాళాలు తిప్పలేదు. లేచి వెళ్లి వీధి తలుపు దగ్గరికేసి వచ్చాడు.

"ఇగో, వాళ్ల కాంట్రాక్టర్లు ముగ్గురు నా దగ్గర్నే లెక్కలు రాపిచ్చుకుంటరు. నువ్వు నాకు చెప్పలే, నేను ఇనలే. ఆ కంప్యూటర్ల దింపింది తీసెయ్యి." చూపు పక్కకు తిప్పుకుని అన్నాడు. "తీసేసే ముందు ప్రింటు గావాల్నంటే తీస్కో. కాగితం నాదే, ఏమనుకోను."

ఆయన లోపలి గదిలోకి పోయాక రెబెక్క వెబ్‌సైట్లో వెస్టర్‌లాన్ విడి లెక్కలు తెరిచింది. ఎందుకు తెరిచిందో ఆమెకే తెలియదు. ఇంకా ఒక మూల ఆశ ఉంది కాబోలు. సొంతదైనా అక్కడుండేది వేరే మనుషులు కదా, వాళ్లకు దయ ఉండొచ్చు కదా అని. చివరి పేజీలో డైరెక్టర్ల సంతకాలున్నాయి. ఒకటి విదేశీ పేరు. రెండోది పరమేశ్ కులకర్ణి.

ఆ సంతకం ఆమెకు తెలుసు. ప్రతి నెలా ఇంట్లో చూస్తుంది. బాల్‌రాజ్ గేటు పాసు మీద ఉంటుంది, పొడుగ్గా, చివర కొక్కెంలా వంగి. కంపెనీలో మనుషులను పెట్టేదీ తీసేదీ ఆ కులకర్ణే. నెదర్లాండ్స్ నుంచి మర్యాదగా పేర్లడిగిన గొంతు తాండూరు గేటులోనే కూర్చుంది.

కాగితాలు పంపలేదు, ఇంకా పంపలేదు, సంచిలోనే ఉన్నాయి అని రెండుసార్లు తడిమి చూసుకుంది. బాల్‌రాజ్‌కు ఫోను చేస్తే ఎత్తలేదు. షిఫ్టులో ఫోన్లు గేటు దగ్గర పెట్టించుకుంటారు. అఫ్సర్‌కు వారం సెలవు ఇవాళే. రెండో రింగుకే ఎత్తాడు.

"సలామాలేకుం అక్కా! పంపినవా?"

"పంపలే. ఎవ్వరు పంపొద్దు. అఫ్సర్, ఆ కాగితాల ఫొటో నీ తాన ఉన్నదా?"

"ఒక్కటే ఉన్నది, మొదటి పేజీ. రెండోది నువ్వు దీస్కపోయినంక యాదికొచ్చింది."

"తీసెయ్యి."

అఫ్సర్ ఇంట్లోంచి బయటికి నడుస్తున్న అడుగుల చప్పుడు వినిపించింది.

"అఫ్సర్!"

"అక్కా, నిన్న మాపటికి వాళ్లే మళ్లొక మెయిలు వెట్టిండ్రు. నా నంబరడిగితే ఇచ్చిన. వాట్సాప్‌ల పంపుమన్నరు, జల్దీ అయితదని. మొదటి పేజీ పంపిన. ఏమైంది? గలత్ అయిందా?"

మొదటి పేజీలో పద్దెనిమిది మంది. పైన లాల్‌బీ, తర్వాత అఫ్సర్, తర్వాత చంద్రకాంత్ అనే కటింగ్ మిషన్ మనిషి. రెబెక్క గోడకు వీపు ఆనించింది. ఆ క్షణంలో ఆమెకు మొదట వచ్చిన ఆలోచన సిగ్గుపడాల్సిందే. బాల్‌రాజ్ రెండో పేజీలో ఉన్నాడు. బాల్‌రాజ్ పేరు వాళ్ల దగ్గర లేదు.

మధ్యాహ్నం బండికి తాండూరు చేరింది. ప్రింటు తీసిన పేజీలు చీర కొంగులో చుట్టుకుని, స్టేషన్ బయట ఆటో ఎక్కి, తిన్నగా లాల్‌బీ ఇంటికి పోయింది. వీధంతా బండల పొడి, ఇళ్ల ముందర అరుగులు కూడా అదే నీలిరంగు బండ. లాల్‌బీ గడపలో కూర్చుని శ్వాస కోసం భుజాలు ఎత్తి దించుతోంది. పక్కన అఫ్సర్, మొహం వాడిపోయి ఉంది. షిఫ్టు దిగి బాల్‌రాజ్ కూడా వచ్చాడు.

"సూపర్‌వైజర్ ముగ్గురి పేర్లు పిలిచిండు," అన్నాడు బాల్‌రాజ్ కూర్చోకుండానే. "సోమారం పదిగంటలకు డ్యూటీకి గాదు, కులకర్ణి సారు రూముకు రావాల్నట. ఐడీ కార్డులు దెమ్మన్నడు. లాల్‌బీ, అఫ్సర్, చంద్రకాంత్."

ముగ్గురూ మూడు పనుల వాళ్లు. ఒకరు ఊడ్చేది, ఒకరు క్రేను, ఒకరు కోత. ముగ్గురూ ముగ్గురు కాంట్రాక్టర్ల కింద. హాజరు పట్టీలో వాళ్ల పేర్లు ఒకదాని తర్వాత ఒకటి ఉండే పుస్తకం కంపెనీలో ఎక్కడా లేదు. అవి ఆ వరుసలో ఉన్నది లోకంలో ఒకే ఒక్క కాగితం మీద.

రెబెక్క ప్రింటు పరిచి, నలభై ఏడో నోటు చదివి తెలుగులో చెప్పింది. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. వెస్టర్‌లాన్ వీళ్లదే. డిసెంబరులో వచ్చినోళ్లు వీళ్లోళ్లే. మన ఉత్తరం పోయి కులకర్ణి బల్ల మీద పడింది.

అఫ్సర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "నేనే పంపిన. నేనే అందర్ని ముంచిన."

"నువ్వు ముంచుడేంది బే, జిగురు వూసి అతికిచ్చింది అందరం," అంది లాల్‌బీ. దగ్గు ఆగాక మళ్లీ అంది. "నా పేరు ఫస్ట్ ఎందుకు రాసినవ్‌రా అంటే పెద్దమనిషివి అన్నవు. ఇగ జూడు, పెద్దమనిషి మర్యాద. ఫస్ట్ నన్నే పిలిచిండు."

ఎవరికీ నవ్వు రాలేదు, ఆమెకు తప్ప.

"మరేం జేద్దాం?" బాల్‌రాజ్ అడిగాడు. రెబెక్కను పక్కకు పిలిచి, గోడ మూలన, గొంతు తగ్గించి అసలు మాట అడిగాడు. "రెండో పేజీ నీ తాన్నే ఉన్నదా?"

"ఉన్నది."

"ఎవ్వరికి వోలే?"

"పోలే."

అతను ఊపిరి వదిలాడు. ఆ ఊపిరిలో ఈల లాంటి చప్పుడు. నెల రోజులుగా ఉంది ఆ చప్పుడు. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోరు. "అయితే అది పొయ్యిల వెయ్యి. ఇరవై ముగ్గురన్న బతుకుతరు. నేను పిరికోన్ని అనుకో, ఏమన్న అనుకో. పిల్ల ఫీజున్నది, కిరాయున్నది."

రెబెక్క అతన్ని తిట్టలేదు. పొద్దున తనకూ అదే తోచింది మరి. ఆదివారమంతా ఆ కాగితాన్ని బియ్యం డబ్బాలో పెట్టి, పొయ్యి దగ్గరికి రెండుసార్లు పోయి వచ్చింది. ప్రార్థనకు పోయింది, పాటలో నోరు కదిపింది, ఒక్క మాటా చెవిలో పడలేదు. ఆలోచించింది ఒకటే. కులకర్ణికి పద్దెనిమిది పేర్లు దొరికాయి. మూడు మూడుగా పిలుస్తాడు. లాల్‌బీకి ఒంట్లో బాగాలేదు ఇంటికాడ ఉండు అంటాడు. అఫ్సర్ క్రేను సరిగా నడపడం లేదంటాడు. ఆరు రోజుల్లో పద్దెనిమిది మందీ బయట. షెడ్డులో దుమ్ము అట్లాగే ఉంటుంది. ఆ దుమ్ములో బాల్‌రాజ్ ఉంటాడు, పేరు దొరకని పుణ్యానికి, ఊపిరి ఉన్నన్నాళ్లు.

రహస్యం ఉంటేనే రక్షణ అనుకున్నారు అందరూ. రహస్యం ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? కులకర్ణి చేతిలో. దొరికిపోయిన పద్దెనిమిది పేర్లను ఇక దాచుకుంటే లాభం ఆయనకే.

సోమవారం వికారాబాద్ కలెక్టరేట్‌లో ప్రజావాణి. ఎవరైనా అర్జీ ఇవ్వొచ్చు. ఇచ్చినట్టు రసీదు ఇస్తారు. రెబెక్క తెలుగులో అర్జీ రాసింది. కొత్త షెడ్డు తనిఖీ చేయాలి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరే చేయాలి, కంపెనీ సొంత దుబాయ్ కంపెనీ చేసిన తనిఖీని నమ్మొద్దు, ఆరుగురికీ ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షలు చేయించాలి, అర్జీ పెట్టినవారిని పని నుంచి తీయకుండా చూడాలి. వెనక నలభై ఏడో నోటు పేజీ, సంబంధిత పార్టీల పేజీ, కులకర్ణి సంతకమున్న పేజీ. ఇవేవీ దొంగిలించిన కాగితాలు కావు, కంపెనీ వెబ్‌సైట్లో ఉన్నవే అని ఒక వాక్యం.

కలెక్టరేట్ దగ్గర తొమ్మిదిన్నరకు తొమ్మిది మంది తేలారు. పద్దెనిమిది మందికి చెప్తే తొమ్మిది మంది. చంద్రకాంత్ రాలేదు, కులకర్ణి గదికి పోతానని కబురు పంపాడు. కాళ్లు పట్టుకుంటే ఒదిలేస్తడేమో అని. వరుసలో లాల్‌బీకి కుర్చీ దొరికింది. అఫ్సర్ గోళ్లు కొరుకుతున్నాడు. బాల్‌రాజ్ వచ్చాడు గానీ, రోడ్డవతల టీ బండి దగ్గర, వీళ్లతో సంబంధం లేనివాడిలా నిలబడ్డాడు. డ్యూటీకి కడుపునొప్పి అని చెప్పాడట.

టోకెన్ పిలవడానికి ఇంకా ముగ్గురున్నారనగా రెబెక్క ఫోను మోగింది. తెలియని నంబరు.

"నమస్తే అమ్మా. వెస్టర్‌లాన్ తరఫున మాట్లాడుతున్నాను." శుభ్రమైన తెలుగు, ఎక్కడా తొందర లేదు. "మీరు పంపుతామన్న జాబితాలో ఒక పేజీయే అందింది. నలభై ఒక్క మంది అన్నారు. మిగతావాళ్లకు సాయం చేయాలంటే రెండో పేజీ కావాలి కదా."

"మీరు... నెదర్లాండ్స్ నుంచా సార్?"

"ఆఫీసు అక్కడే అమ్మా."

"మరి మీరెక్కడున్నారు?"

అదే నెమ్మది గొంతు. "మీ ఆయన ఇవాళ కడుపునొప్పి అని రాలేదట. పిల్లలున్నవాళ్లు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోవాలి. పేజీ పంపండి."

ఫోను కట్ అయింది. రెబెక్క వరుసలోనే కింద కూర్చుండిపోయింది. ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు. మొదటి ఉత్తరం కింద ఫోను నంబరు తనే రాసింది. ఆ నంబరే బాల్‌రాజ్ కంపెనీ కాగితాల్లో, అవసరమైతే ఇంటికి ఫోను చేయడానికి ఇచ్చింది. రెండిటినీ పక్కపక్కన పెట్టుకుంటే సరిపోతుంది. ఉత్తరం అందిన రోజు నుంచీ తెలుసన్నమాట. రెండో పేజీలో ఉన్నాడా లేడా అన్నది వాళ్లకు ఒక లెక్కే కాదు.

రోడ్డవతల నుంచి బాల్‌రాజ్ ఆమె పడిపోవడం చూశాడు. టీ గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తుకొచ్చాడు. చుట్టూ అందరూ చూస్తుండగానే ఆమె భుజం పట్టుకుని లేపాడు.

"ఎవరు? ఏమన్నడు?"

"నీ కడుపునొప్పి తగ్గిందా అని అడిగిండు."

వరుస ఒక అడుగు ముందుకు జరిగింది. బాల్‌రాజ్ కూడా జరిగాడు. బల్ల దగ్గరికి వచ్చాక క్లర్కు తలెత్తకుండా అడిగాడు.

"ఎంతమంది అర్జీదారులు?"

రెబెక్క సంచిలో చెయ్యి పెట్టింది. రెండో కాగితం బయటికి తీయలేదు. అది ఇరవై ముగ్గురి బతుకు, ఆమె ఒక్కతే ఇచ్చేది కాదు. అదే ఆమె ఆదివారం తేల్చుకున్నది.

"తొమ్మిది మంది సార్."

"పది," అన్నాడు బాల్‌రాజ్. గొంతు పీలగా, ఈల కలిసి వచ్చింది. క్లర్కుకు సరిగా వినబడలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పెన్ను తీసుకుని అర్జీ మీద పేరు సగం రాసి ఆగాడు. లాల్‌బీ కాగితాన్ని కదలకుండా రెండు చేతులా అదిమిపట్టింది.

"పూరా రాయ్ బిడ్డా," అంది. "సగం పేరుకు ఎవడు భయపడ్తడు?"

క్లర్కు నోటు పేజీలు తిప్పి, "ఇదేంది, అంతా ఇంగ్లీషే," అని విసుక్కుని, ముద్ర కొట్టి, రసీదు చింపి ఇచ్చాడు. పదిన్నర కావస్తోంది, కులకర్ణి గదికి రమ్మన్న వేళ దాటిపోయింది. బయటికి వస్తుండగా అఫ్సర్ ఫోను మోగింది, అతను ఎత్తలేదు. ఆ వెంటనే బాల్‌రాజ్ జేబులో మోగింది.

"ఎత్తాల్నా?" అని అడిగాడు.

రెబెక్కకు తెలియదు. రసీదును నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. అతను ఫోను చేతిలో పట్టుకుని అట్లాగే చూస్తున్నాడు. అది మోగుతూనే ఉంది. పదిమందీ దాని చుట్టూ, ఎండలో, ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు.